కొనుగోలు వెళ్తుంది, స్టాప్‌లాస్ తిరిగి వస్తుంది: టిక్, లాట్ లెక్క ఎక్కడ తప్పుతోంది

ప్రశ్న: హన్మకొండ నుంచి రాస్తున్నాను. పైథాన్‌లో సొంతంగా రాసుకున్న ప్రోగ్రాంతో షేర్లు, నిఫ్టీ ఆప్షన్లు ట్రేడ్ చేస్తున్నాను. ఇన్ని నెలలూ ఏ ఇబ్బందీ రాలేదు. ఈ నెల మొదటి నుంచి ఎన్‌ఎస్‌ఈలో ఒక షేరు కొనుగోలు ఆర్డర్లన్నీ వెళ్తున్నాయి గానీ, స్టాప్‌లాస్ ఆర్డర్లు కొన్ని వెళ్తున్నాయి, కొన్ని రిజెక్ట్ అవుతున్నాయి. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చలేదు. ధరను 5 పైసలకు రౌండ్ చేసే పంపుతున్నాను. ఆ షేరు పోయిన నెల దాదాపు అంతా 900ల్లోనే ఉండి, చివరి రోజు 1,012 దగ్గర ముగిసింది. నిన్న 1,018.40కి కొన్నాను, స్టాప్ 1.25 శాతం కింద పెట్టాను, రిజెక్ట్ అయింది. నిఫ్టీ ఆప్షన్లలో సగం అమ్మే ఆర్డరు కూడా తిరిగి వస్తోంది. మా బాబాయి నిజామాబాద్‌లో పసుపు వ్యాపారి, ఆయన పసుపు ఫ్యూచర్స్‌కు కూడా ఇదే ప్రోగ్రాం వాడాలనుకుంటున్నారు. ఎక్కడ వెతకాలో చెప్పగలరా?

జవాబు:

మీ కోడ్ మారలేదు, నిజమే. మారింది ఆ షేరు టిక్, అంటే దాని ధర కదలగల కనీస మెట్టు. 5 పైసలకు రౌండ్ చేయడం పోయిన నెల సరిపోయింది, ఈ నెల సరిపోదు.

ఎన్‌ఎస్‌ఈలో చాలా ఏళ్లపాటు దాదాపు అన్ని షేర్లకూ టిక్ 5 పైసలే. అందుకే పాత పుస్తకాల్లో, వీడియోల్లో, ఇతరుల కోడ్‌లలో 0.05 అనే అంకె రాతిమీద చెక్కినట్టు కనిపిస్తుంది. 2024 జూన్‌లో 250 రూపాయల లోపు షేర్లకు దాన్ని 1 పైసాకు తగ్గించారు. 2025 ఏప్రిల్ 15 నుంచి పై ధరల షేర్లకు కూడా శ్లాబులు పెట్టారు. 250 దాటి 1,000 వరకు ఉన్న షేరుకు 5 పైసలు, 1,000 దాటి 5,000 వరకు ఉన్న షేరుకు 10 పైసలు. ఆపైన ధర పెరిగే కొద్దీ 50 పైసలు, 1 రూపాయి, చివరకు 20,000 దాటిన షేర్లకు 5 రూపాయలు. ఒక షేరు ఏ శ్లాబులో ఉందో రోజూ చూడరు. నెల చివరి ట్రేడింగ్ రోజు ముగింపు ధర చూసి, వచ్చే నెల మొత్తానికి టిక్ నిర్ణయిస్తారు. మీ షేరు చివరి రోజు 1,012 దగ్గర ముగిసింది కాబట్టి ఈ నెల మొదటి ట్రేడింగ్ రోజు నుంచి దాని టిక్ 10 పైసలు అయింది. మీకు ఇబ్బంది మొదలైన రోజు కూడా అదే.

ఇప్పుడు మీ నిన్నటి ఆర్డరే లెక్క వేద్దాం. 1,018.40లో 1.25 శాతం తీసేస్తే 1,005.67 వస్తుంది. మీ ప్రోగ్రాం దాన్ని దగ్గరి 5 పైసలకు తెచ్చి 1,005.65 పంపింది. 10 పైసల మెట్ల మీద 1,005.60 ఉంది, 1,005.70 ఉంది, మధ్యలో 1,005.65 లేదు. అందుకే వెనక్కి వచ్చింది. అదే షేరును మీరు 1,015.90కి కొని ఉంటే స్టాప్ 1,003.20 దగ్గర పడేది. అది 10 పైసలకు కూడా సరిగ్గా భాగింపబడుతుంది కాబట్టి ఏ గొడవా లేకుండా వెళ్లిపోయేది. 5 పైసల గుణిజాల్లో సరిగ్గా సగం 10 పైసలకూ గుణిజాలే. కాబట్టి సగానికి సగం ఆర్డర్లు అదృష్టం కొద్దీ వెళ్తాయి, మిగతా సగం రిజెక్ట్ అవుతాయి. కొన్ని వెళ్లి కొన్ని ఆగిపోతుంటే చాలామంది ఇంటర్నెట్‌నో, బ్రోకరు సర్వర్‌నో అనుమానిస్తారు. రిజెక్ట్ అయిన ధరలన్నీ ఒక కాగితం మీద రాసి చివరి అంకె చూడండి. అన్నీ 5తో ముగుస్తుంటే ఇక వేరే కారణం వెతకనక్కర్లేదు.

కొనుగోళ్లు ఎందుకు ఎప్పుడూ రిజెక్ట్ కాలేదన్నది కూడా ఇక్కడే తేలుతుంది. మీ ప్రోగ్రాం కొనేటప్పుడు మార్కెట్లో కనిపిస్తున్న ధరనే తీసుకుని పంపుతుంది అనుకుంటున్నాను. మార్కెట్లో ఉన్న ధర ఎక్స్‌చేంజ్ అప్పటికే ఒప్పుకున్న ధర, కాబట్టి అది ఎప్పుడూ సరైన మెట్టు మీదే ఉంటుంది. స్టాప్‌లాస్, టార్గెట్ అలా కాదు. అవి శాతాల లెక్కతో పుట్టే ధరలు, ఎక్కడైనా పడతాయి. అందువల్ల టిక్ తప్పు ముందుగా దెబ్బ కొట్టేది బయటపడే ఆర్డర్లనే. షేరు చేతికి వస్తుంది, దానికి కాపలాగా ఉండాల్సిన ఆర్డరు మాత్రం మార్కెట్లో ఉండదు. ఈ తప్పును నేను తేలిగ్గా తీసుకోవద్దని చెప్పేది అందుకే.

టిక్ ఎంతో కళ్లతో చూసి తెలుసుకునే దారి ఒకటుంది. బ్రోకరు యాప్‌లో ఆ షేరు మార్కెట్ డెప్త్ తెరవండి. కొనేవాళ్ల వైపు ఐదు వరుసలు 1,018.40, 1,018.30, 1,018.20, 1,018.10, 1,018.00 అని కనిపిస్తాయి. అమ్మేవాళ్ల వైపూ అంతే. ఒక్కచోట కూడా 1,018.35 లాంటి ధర కనిపించదు. బాగా చేతులు మారే షేరులో పక్కపక్క వరుసల మధ్య తేడాయే టిక్. మీ దగ్గరున్న టిక్ తప్పని అనుమానం వచ్చినప్పుడు మొదట నేను చూసేది డెప్త్‌నే, నిమిషంలో తేలిపోతుంది.

ఇక సరిదిద్దడం సంగతి. శ్లాబుల పట్టికను కోడ్‌లో `if price > 1000` అని రాసుకోవాలని మీకు అనిపిస్తుంది. ఆ పని చేయవద్దు. టిక్‌ను నిర్ణయించేది పోయిన నెల ముగింపు ధర, ఇప్పుడు నడుస్తున్న ధర కాదు. మీ షేరు ఈ నెల మధ్యలో 985కి పడిందనుకోండి. మీ కోడ్ అది 1,000 కింద ఉందని 5 పైసల టిక్ వాడుతుంది. ఎక్స్‌చేంజ్‌లో మాత్రం నెలాఖరు దాకా 10 పైసలే. మళ్లీ సగం ఆర్డర్లు రిజెక్ట్. ఇంకో షేరు 990 దగ్గర నెల ముగించి తర్వాత 1,030కి పెరిగితే మీ కోడ్ 10 పైసలకు రౌండ్ చేస్తుంది, ఎక్స్‌చేంజ్‌లో 5 పైసలే ఉన్నా అవన్నీ వెళ్లిపోతాయి. అంటే ధర పెరిగిన నెలలో తప్పు దాక్కుంటుంది, పడిన నెలలో బయటపడుతుంది. పడుతున్న మార్కెట్లోనే స్టాప్‌లాస్ అవసరం ఎక్కువ అని వేరే చెప్పాలా?

సరైన చోటు బ్రోకరు రోజూ ఉదయం ఇచ్చే ఇన్‌స్ట్రుమెంట్ ఫైలు. అందులో ప్రతి షేరుకు, ప్రతి కాంట్రాక్టుకు ఒక వరుస ఉంటుంది. సాధారణంగా `tick_size`, `lot_size` అనే గడులు ఉంటాయి. మార్కెట్ తెరవకముందే ఆ ఫైలు దించుకుని, ఆ రోజంతా అందులోని అంకెలే వాడాలి. దించుకున్న ఫైలు తేదీ ఈ రోజుది కాకపోతే ప్రోగ్రాం కొత్త పొజిషన్ తీసుకోకుండా ఆగిపోవాలి. చాలామంది ఒకసారి దించుకున్న ఫైలును నెలల తరబడి వాడుతుంటారు. అప్పుడు ఫైలు వాడినా, 0.05 అని చేత్తో రాసినా తేడా ఏమీ ఉండదు.

ఫైలు చదివేటప్పుడు రెండు విషయాలు గమనించండి. కొందరు బ్రోకర్లు టిక్‌ను రూపాయల్లో ఇస్తారు, 0.05 అని. కొందరు పైసల్లో ఇస్తారు, 5.000000 అని. బ్రోకరును మార్చినప్పుడు పాత కోడ్ ఆ 5ను 5 రూపాయలని అనుకుంటే ఆర్డరు రిజెక్ట్ కాదు, ఎందుకంటే 5 రూపాయల గుణిజం 5 పైసలకూ గుణిజమే. కాకపోతే మీ స్టాప్ ఉండాల్సిన చోటికి రెండు మూడు రూపాయల దూరంలో కూర్చుంటుంది. ఇది రిజెక్ట్ కన్నా ప్రమాదం, ఎవరూ చెప్పరు కాబట్టి. రెండోది, ఒకే షేరు ఎన్‌ఎస్‌ఈలోనూ బీఎస్‌ఈలోనూ ఉంటుంది. ఏ ఎక్స్‌చేంజ్‌కు ఆర్డరు పంపుతున్నారో ఆ ఎక్స్‌చేంజ్ వరుసలోని టిక్కే తీసుకోవాలి, పేరు కలిసిందని పక్క వరుస తీసుకోకూడదు.

టిక్ సరిగ్గా తెలిసిన తర్వాత కూడా రౌండ్ చేసే తీరులో తప్పు జరుగుతుంది. కంప్యూటర్ దశాంశాలను ద్విసంఖ్యల్లో దాచుకుంటుంది, 0.1 అనేది అందులో కచ్చితంగా ఇమడదు. పైథాన్‌లో `0.3 / 0.1` అని కొట్టి చూడండి, 3 రాదు, `2.9999999999999996` వస్తుంది. దాన్ని `int()`లో వేస్తే 2 అవుతుంది, ఒక టిక్ మొత్తం మాయమవుతుంది. `0.3 % 0.1` సున్నా కావాలి, అదీ కాదు. అందుకే ధర టిక్‌కు గుణిజమా కాదా అని `%`తో పరీక్షించే కోడ్ సరైన ధరను కూడా తప్పని చెబుతుంది. ఫ్లోట్‌ను పక్కన పెట్టి `Decimal` వాడితే ఈ తలనొప్పి మొత్తం పోతుంది.

```python
from decimal import Decimal, ROUND_FLOOR, ROUND_CEILING

def to_tick(price, tick, mode):
    p, t = Decimal(str(price)), Decimal(str(tick))
    return (p / t).to_integral_value(rounding=mode) * t

to_tick("1005.67", "0.10", ROUND_FLOOR)    # 1005.60
to_tick("1005.67", "0.10", ROUND_CEILING)  # 1005.70
```

ఇక్కడ నేను దగ్గరి టిక్‌కు రౌండ్ చేయలేదు, కిందికో పైకో తప్పనిసరిగా చెప్పమన్నాను. దీనికి కారణం ఉంది. మీ 1,018 రూపాయల షేరులో 7 పైసలు అటూ ఇటూ అయితే ఎవరికీ నష్టం లేదు. కానీ మీరు నిఫ్టీ ఆప్షన్లు కూడా చేస్తారు, అక్కడ టిక్ 5 పైసలు. 2.15 ప్రీమియంకు కొన్న ఆప్షన్‌కు 10 శాతం కింద స్టాప్ పెడితే లెక్క 1.935 వస్తుంది. కిందికి తెస్తే 1.90, అంటే యూనిట్‌కు 25 పైసల నష్టం. పైకి తెస్తే 1.95, 20 పైసల నష్టం. మీరు అనుకున్నది 21న్నర పైసలు. ఒక్క రౌండింగ్‌తో మీ రిస్క్ ఇంత మారుతుంది. కొన్న పొజిషన్‌కు స్టాప్ ట్రిగ్గర్‌ను పైకి, అమ్మిన పొజిషన్‌కు కిందికి తెస్తే మీరు ఒప్పుకున్న నష్టం దాటదు. అలా పైకి తెచ్చినప్పుడు ట్రిగ్గర్ ఇప్పటి మార్కెట్ ధరను తాకేస్తే మాత్రం ఆ ఆర్డరు నిలవదు, అప్పుడు ఒక టిక్ కిందికి దించాలి.

స్టాప్‌లాస్ లిమిట్ ఆర్డరులో రెండు ధరలుంటాయి, ట్రిగ్గర్ ఒకటి, లిమిట్ ఒకటి. రెండూ టిక్ మీద ఉండాలి. అంతేకాదు, అమ్మే స్టాప్‌లో లిమిట్ ట్రిగ్గర్‌ను మించకూడదు. రెండింటినీ ఒకదానికొకటి సంబంధం లేకుండా రౌండ్ చేస్తే ఈ రెండో నియమం తప్పవచ్చు. ట్రిగ్గర్ లెక్క 1,005.67, లిమిట్ లెక్క 1,005.62 అనుకోండి. మొదటిది కిందికి వెళ్లి 1,005.60, రెండోది పైకి వెళ్లి 1,005.70 అయితే లిమిట్ పైన కూర్చుంటుంది. ఆర్డరు మళ్లీ రిజెక్ట్ అవుతుంది, ఈసారి సందేశం వేరు, మీరు వేరే తప్పు వెతకడం మొదలుపెడతారు. అందుకని ముందు ట్రిగ్గర్‌ను పైకి తెచ్చి 1,005.70 చేయండి. దాన్నుంచి మీకు కావాల్సిన ఎడం, ఉదాహరణకు 2 రూపాయలు, తీసేసి లిమిట్‌ను కిందికి తెచ్చి 1,003.70 పెట్టండి. ఆ ఎడాన్ని టిక్‌లలో కాక రూపాయల్లోనో శాతంలోనో పెట్టుకోండి. 20 టిక్‌లు అని రాసుకున్నవారికి పోయిన నెల ఎడం 1 రూపాయి, ఈ నెల 2 రూపాయలు అవుతుంది, వాళ్లకు తెలియకుండానే.

ఆర్డరు పంపిన తర్వాతి సంగతి కూడా సరిచూడండి. చాలా బ్రోకరు ఏపీఐలలో ఆర్డరు పంపగానే ఒక ఆర్డరు నంబరు తిరిగి వస్తుంది. అది బ్రోకరు మీ అభ్యర్థన అందుకున్నానని చెప్పడమే తప్ప ఎక్స్‌చేంజ్ ఒప్పుకుందని కాదు. తర్వాత క్షణంలోనే ఆ ఆర్డరు స్థితి `REJECTED` అయిపోవచ్చు. నంబరు రాగానే స్టాప్ పెట్టేశాం అని రాసుకునే ప్రోగ్రాం ఇక ఆ పొజిషన్ వైపు చూడదు. కాబట్టి నంబరు వచ్చాక ఆర్డరు స్థితిని మళ్లీ అడగాలి, అది ట్రిగ్గర్ కోసం వేచి ఉందని తేలిన తర్వాతే స్టాప్ ఉన్నట్టు లెక్క. రిజెక్ట్ అయిన ఆర్డరులో ఎక్స్‌చేంజ్ ఇచ్చే నంబరు ఖాళీగా ఉంటే అది బ్రోకరు దగ్గరే ఆగిందని అర్థం. ఆ నంబరు ఉంటే ఎక్స్‌చేంజ్ దాకా వెళ్లి తిరిగి వచ్చింది. రెండు చోట్లా కారణం రాసే గడి ఉంటుంది, దాన్ని మొత్తం లాగ్‌లో దాచుకోండి.

రిజెక్ట్ అయితే అదే ధరను మళ్లీ మళ్లీ పంపే కోడ్ చూశాను, అది ఎన్నిసార్లు పంపినా రిజెక్టే అవుతుంది. సందేశంలో టిక్ మాట ఉంటే ఫైలును మళ్లీ దించుకుని, ధరను మళ్లీ లెక్కగట్టి, ఒక్కసారి పంపాలి. అదీ తిరిగి వస్తే పొజిషన్‌ను మూసేయాలి, లేదా మీ ఫోనుకు మోత మోగేలా కబురు పంపి కొత్త కొనుగోళ్లు ఆపాలి. రెండింటిలో ఏది అన్నది మీ ఇష్టం, ఏదో ఒకటి మాత్రం ముందే రాసి ఉండాలి. స్టాప్‌ను ధరతో పాటు పైకి జరుపుతుంటే ఇంకో చిక్కు ఉంది. మార్పు కోసం పంపిన ధర టిక్ మీద లేకపోతే ఆ మార్పు మాత్రమే రిజెక్ట్ అవుతుంది, పాత ఆర్డరు పాత ధర దగ్గరే ఉండిపోతుంది. మీ ప్రోగ్రాం మాత్రం కొత్త ధర దగ్గర ఉందనుకుంటుంది. మార్పు తర్వాత కూడా ఆర్డరు పుస్తకంలో ఉన్న ధరను చదివి పోల్చుకోండి.

నిఫ్టీ ఆప్షన్ల సంగతి దీనికన్నా సులువు. అక్కడ అడ్డం పడుతున్నది లాట్, అంటే కొన్నా అమ్మినా విడదీయలేని యూనిట్ల కట్ట. ఇండెక్స్ కాంట్రాక్టు విలువ కనీసం 15 లక్షలు ఉండాలని సెబీ 2024 అక్టోబరులో చెప్పడంతో, ఆ నవంబరు 20 తర్వాత వచ్చిన కాంట్రాక్టుల్లో నిఫ్టీ లాట్ 25 నుంచి 75 అయింది. 2025 డిసెంబరు ఎక్స్‌పైరీలతో 75 కూడా ముగిసి, 2026 జనవరి కాంట్రాక్టుల నుంచి 65 అయింది. కాబట్టి 75 అని చేత్తో రాసుకున్న కోడ్ ఇప్పుడు పనిచేయదు. లాట్ మారే రోజుల్లో వేర్వేరు ఎక్స్‌పైరీలకు వేర్వేరు లాట్ ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. నిఫ్టీకి ఒక అంకె అని కాక, ప్రతి కాంట్రాక్టుకూ దాని వరుసలోని అంకె చదవాలి.

మీరు సగం అమ్మేటప్పుడు జరుగుతున్నది ఇది. మూడు లాట్లు, అంటే 195 యూనిట్లు ఉన్నాయి. సగం 97న్నర, ప్రోగ్రాం 97 పంపుతుంది. 97 ఏ లాట్‌కూ గుణిజం కాదు. రెండు లాట్లు ఉన్న రోజు సగం 65 వస్తుంది కాబట్టి సాఫీగా వెళ్తుంది, మూడో ఒకటో ఉన్న రోజు తిరిగి వస్తుంది. సగాన్ని యూనిట్లలో కాక లాట్లలో లెక్కగడితే చాలు.

```python
lots_held = qty // lot_size
lots_exit = lots_held // 2
if lots_exit > 0:
    place_sell(lots_exit * lot_size)
```

ఒక్క లాటే ఉంటే `lots_exit` సున్నా అవుతుంది, అప్పుడు ఆర్డరు పంపనక్కర్లేదు. సున్నా పరిమాణంతో పంపినా రిజెక్టే. ఒక్క లాటును సగం చేయలేమన్నది మార్కెట్ నియమం కాబట్టి, ఆ రోజు మొత్తం అమ్మాలా, మొత్తం ఉంచాలా అన్నది మీరు ముందే తేల్చుకుని రాయండి.

పెద్ద ఆర్డర్లు పెట్టే ఆలోచన ఉంటే ఒక్క మాట. ఒక ఆర్డరులో పంపగల గరిష్ఠ పరిమాణానికి కూడా హద్దు ఉంది, నిఫ్టీకి అది 1,800 యూనిట్లుగా ఉంటూ వచ్చింది. చాలా ప్రోగ్రాంలు పెద్ద పరిమాణాన్ని 1,800 చొప్పున ముక్కలు చేస్తాయి. లాట్ 75 ఉన్నప్పుడు 1,800 అంటే సరిగ్గా 24 లాట్లు, ఎవరికీ ఇబ్బంది లేదు. లాట్ 65 అయ్యాక 1,800 లాట్లలో పడదు. 27 లాట్లకు 1,755, 28 లాట్లకు 1,820, అది హద్దు దాటిపోతుంది. కాబట్టి ముక్క పరిమాణం `(1800 // lot_size) * lot_size` అని ఉండాలి. ఈ హద్దును కూడా ఎక్స్‌చేంజ్ అప్పుడప్పుడూ మారుస్తుంది, 1800ను కూడా కోడ్‌లో పాతేయకండి.

మీ బాబాయి గారి పసుపు విషయంలో నేను ఎక్కువ జాగ్రత్త చెబుతాను. వ్యవసాయ సరుకుల ఎక్స్‌చేంజ్ ఎన్‌సీడీఈఎక్స్‌లో పసుపు కాంట్రాక్టుకు నిజామాబాదే ప్రధాన డెలివరీ కేంద్రం. ఒక లాట్ 5 టన్నులు, ధర క్వింటాలుకు చెబుతారు, టిక్ 2 రూపాయలు. అంటే ధర ఎప్పుడూ సరిసంఖ్యే. ప్రోగ్రాం శాతం లెక్కతో 14,337 అని తేలిస్తే అది రిజెక్ట్ అవుతుంది, 14,336 గానీ 14,338 గానీ పంపాలి. లాట్‌లో 50 క్వింటాళ్లు కాబట్టి ఒక్క టిక్ కదిలితే లాట్‌కు 100 రూపాయలు. మీ కోడ్‌లో పైసల కోసం రాసిన `round(price, 2)` ఇక్కడ ఏ పనీ చేయదు.

పరిమాణం దగ్గరే అసలు గండం. ఆయన గోదాములో 32 టన్నుల పసుపు ఉందనుకోండి. దాన్ని మొత్తం ఫ్యూచర్స్‌లో అమ్మి ధర పడకుండా కాపాడుకోవాలంటే 6 లాట్లు, 30 టన్నులు కుదురుతుంది. మిగతా 2 టన్నులు బయటే ఉంటాయి. ఏడో లాట్ అమ్మితే లేని 3 టన్నులు అమ్మినట్టు అవుతుంది, అది కాపలా కాదు, కొత్త పందెం. కాబట్టి ఇక్కడ ఎప్పుడూ కిందికే రౌండ్ చేయాలి.

అయితే ఆ 6 లాట్లను ఏపీఐలో ఏ అంకెగా పంపాలి? కమోడిటీలలో కొందరు బ్రోకర్లు పరిమాణం గడిలో లాట్ల సంఖ్య అడుగుతారు, కొందరు సరుకు పరిమాణం అడుగుతారు. షేర్ల ఆప్షన్లలో యూనిట్లు పంపిన అలవాటుతో ఒక లాట్‌కు 5 అని రాశారనుకోండి. బ్రోకరు అడిగేది లాట్లు అయితే అది 5 లాట్లు, 25 టన్నులు. ఎక్కడా రిజెక్ట్ కాదు. దీనికి తిరగబడిన తప్పు, అంటే 5 రాయాల్సిన చోట 1 రాయడం, లాట్ గుణిజం కాదని రిజెక్ట్ అయి బతికిస్తుంది. ఏది మీ బ్రోకరు పద్ధతో డాక్యుమెంట్లో చదివినా సరే, ఒకసారి కళ్లతో చూడండి. ఒక్క లాట్ కొనే లిమిట్ ఆర్డరును ఆ రోజు ధరల హద్దు లోపలే, కానీ మార్కెట్‌కు బాగా కింద పెట్టండి. అది నెరవేరదు, ఆర్డరు పుస్తకంలో ఉంటుంది. బ్రోకరు తెరమీద పరిమాణం, ఆపిన మార్జిన్ చూడండి. 14,336 దగ్గర ఒక లాట్ విలువ 7,16,800 రూపాయలు, ఐదు లాట్లదైతే 35,84,000. మార్జిన్ ఆ రెండింటిలో దేనికి తగ్గట్టుందో వెంటనే తెలిసిపోతుంది. చూశాక ఆర్డరు రద్దు చేయండి. బాబాయి గారి డబ్బుతో నడిచే మొదటి ఆర్డరు ఇదే అయి ఉండాలి.

ముందుగా షేరు స్టాప్‌లాస్ సరిచేయండి, ఎందుకంటే ఈ రోజు కూడా మీ దగ్గర కాపలా లేని పొజిషన్ ఉండే అవకాశం ఉంది. ప్రోగ్రాం ఆపి, పొజిషన్ల పక్కన స్టాప్ ఆర్డర్లు నిజంగా ఉన్నాయో లేదో ఆర్డరు పుస్తకంలో చూసుకుని, లేని వాటికి చేత్తో పెట్టండి. ఆ తర్వాత కోడ్ ముట్టుకోండి. మార్చాక కూడా ఏదైనా రిజెక్ట్ అయితే ఇన్‌స్ట్రుమెంట్ ఫైలులో ఆ కాంట్రాక్టు వరుస, మీరు పంపిన ధర, ట్రిగ్గర్, పరిమాణం, తిరిగి వచ్చిన సందేశం పూర్తిగా ఇక్కడ పెట్టండి. ఖాతా నంబరు, ఏపీఐ కీ తీసేసి పెట్టండి, చూసి చెబుతాను.